రెస్పిరేటరీ ఫిజియాలజీకి రెండు వారాల రివిజన్ టైమ్‌టేబుల్: బెంగళూరు నర్సింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్ చదువుతున్న మన పిల్లలకు ఫిజియాలజీ చెబుతుంటాను. యూనివర్సిటీ పరీక్ష దగ్గరపడే కొద్దీ వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. రాజీవ్ గాంధీ హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలను దృష్టిలో పెట్టుకుని రాశాను. సిలబస్ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌దే కాబట్టి చెన్నైలో చదివేవాళ్ళకూ పనికొస్తుంది.

ఒక్క రెస్పిరేటరీ యూనిట్‌కి రెండు వారాలా? మిగతా సబ్జెక్టులు ఎప్పుడు చదవాలి?

రోజంతా దీనికే ఇవ్వమని కాదు. రోజుకు గంటన్నర చాలు. అందులో గంట కొత్త భాగానికి, అరగంట నిన్న మొన్న చదివింది పుస్తకం మూసి రాయడానికి. మిగతా టైమ్ అనాటమీకి, ఫిజియాలజీలోని ఇతర యూనిట్లకు వెళ్తుంది. ఆ అరగంటను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఈ యూనిట్‌లో మార్కులు పోయేది చదవక కాదు. బొమ్మ, అంకె, కారణం మూడూ కలిపి కాగితం మీద ఎప్పుడూ రాసి చూడకపోవడం వల్ల పోతాయి.

పద్నాలుగు రోజులూ ఎలా పంచుకోవాలి?

పుస్తకంలో అధ్యాయాల వరస ఎలా ఉన్నా సరే, ఆక్సిజన్ వెళ్ళే దారినే మీ వరసగా పెట్టుకోండి. బయటి గాలి ఊపిరితిత్తుల్లోకి రావడం, అక్కడి నుంచి రక్తంలోకి దాటడం, రక్తంలో ప్రయాణం, కణజాలం దగ్గర దిగడం, చివరికి ఇదంతా ఎవరి అదుపులో నడుస్తుందన్నది. ఈ దారిలో వెళ్తే ప్రతి రోజు పాఠం ముందు రోజు పాఠం మీద నిలబడుతుంది.

పరీక్ష సోమవారం అనుకుందాం. అంతకు రెండు వారాల ముందు సోమవారం మొదటి రోజు. ఆ రోజు పుస్తకం తెరవొద్దు, పాత ప్రశ్నపత్రాలతో సరిపోతుంది. రెండో రోజు శ్వాస కండరాలు, ప్లూరల్ ప్రెషర్, సర్ఫాక్టెంట్. మూడో రోజు లంగ్ వాల్యూమ్స్, డెడ్ స్పేస్. నాలుగో రోజు కొత్తది వద్దు, ఈ రెండు రోజులదీ రాయండి. ఐదో రోజు వాయువుల మార్పిడి. ఆరు, ఏడు రోజులు ఆక్సిజన్ రవాణా. ఏడో రోజు ఆదివారం, పోస్టింగ్ ఉండదు కాబట్టి రెండు గంటలు ఇవ్వొచ్చు. ఎనిమిదో రోజు కార్బన్ డయాక్సైడ్. తొమ్మిదో రోజు ఖాళీ. మిగిలిపోయినవన్నీ అక్కడ పడతాయి. పది, పదకొండు రోజులు శ్వాస నియంత్రణ. పన్నెండో రోజు హైపాక్సియా, సయనోసిస్, డిస్నియా, పీరియాడిక్ బ్రీతింగ్. పదమూడో రోజు గడియారం పెట్టుకుని పరీక్ష. పద్నాలుగో రోజు దిద్దుబాట్లు.

మొదటి రోజు పుస్తకం తెరవొద్దంటున్నారు. మరి ఏం చేయాలి?

కాలేజీ లైబ్రరీలో పాత పేపర్లు తీసి, రెస్పిరేటరీ ప్రశ్నలు మాత్రం ఒక కాగితం మీదకు ఎక్కించండి. ప్రతి ప్రశ్న పక్కన అది ఎస్సేనా, షార్ట్ ఆన్సరా అన్నది రాయండి. తర్వాత ఒక్కో ప్రశ్నకు ఇప్పుడు మీకు గుర్తున్నది రెండు మూడు లైన్లలో రాయండి. ఏమీ రాకపోతే ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీలే మీ అసలు టైమ్‌టేబుల్. డెడ్ స్పేస్ బాగా వచ్చి, శ్వాస నియంత్రణ అసలు రాకపోతే మూడో రోజు నుంచి అరగంట తీసి పదో రోజుకు ఇవ్వండి.

పాత పేపర్లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. సెమిస్టర్ పద్ధతి రాకముందు ఏడాదికోసారి జరిగిన పరీక్షల పేపర్లు కూడా అదే కట్టలో ఉంటాయి. వాటిలోని ప్రశ్నలు వాడుకోవచ్చు గానీ మార్కుల పంపకం వేరు. ఇప్పుడు అప్లైడ్ అనాటమీ, అప్లైడ్ ఫిజియాలజీ కలిపి ఒకే 75 మార్కుల పేపర్.

లంగ్ వాల్యూమ్స్ అంకెలు ఎన్నిసార్లు బట్టీ పట్టినా కలిసిపోతున్నాయి. ఏం చేయాలి?

బట్టీ పట్టాల్సినవి నాలుగే. టైడల్ వాల్యూమ్ 500 మి.లీ., ఇన్‌స్పిరేటరీ రిజర్వ్ 3000, ఎక్స్‌పిరేటరీ రిజర్వ్ 1100, రెసిడ్యువల్ 1200. కెపాసిటీలు నాలుగూ వీటి కూడికలే. లోపలికి పీల్చేవి రెండూ కలిపితే ఇన్‌స్పిరేటరీ కెపాసిటీ, 3500. మామూలుగా వదిలాక లోపల మిగిలేవి రెండూ కలిపితే ఫంక్షనల్ రెసిడ్యువల్ కెపాసిటీ, 2300. రెసిడ్యువల్ తప్ప మిగతా మూడూ కలిపితే వైటల్ కెపాసిటీ, 4600. అన్నీ కలిపితే 5800.

కొన్ని పుస్తకాల్లో ఈ అంకెలు కాస్త తేడాగా ఉంటాయి. మీ కాలేజీలో చెప్పే పుస్తకం ఒక్కటే పట్టుకోండి. ఒక పుస్తకం నుంచి 1100, ఇంకో పుస్తకం నుంచి 1000 తెస్తే కూడిక తప్పుతుంది.

స్పైరోగ్రామ్ గీసేటప్పుడు మూడు చిన్న అలలతో మొదలుపెట్టి, ఒక పెద్ద పీల్పు, ఒక పెద్ద వదులు గీయండి. గీత 1200 కిందకు ఎప్పుడూ దిగకూడదు. ఎంత బలంగా వదిలినా ఆ గాలి బయటకు రాదు. అందుకే మామూలు స్పైరోమీటర్ రెసిడ్యువల్ వాల్యూమ్‌ను కొలవలేదు. అది కలిసిన కెపాసిటీలను కూడా కొలవలేదు. ఈ ఒక్క సంగతి మీద రెండు మార్కుల ప్రశ్న తయారవుతుంది.

డెడ్ స్పేస్ లెక్క నర్సింగ్ వాళ్ళకు అవసరమా?

అవసరమే. వార్డులో మీరు లెక్కపెట్టే రెస్పిరేటరీ రేట్‌కి అర్థం చెప్పేది ఈ లెక్కే. ఇద్దరు పేషెంట్లను తీసుకోండి. ఒకరు నిమిషానికి 12 సార్లు, ప్రతిసారీ 500 మి.లీ. పీలుస్తున్నారు. ఇంకొకరు 24 సార్లు, ప్రతిసారీ 250 మి.లీ. మాత్రమే. గుణిస్తే ఇద్దరికీ నిమిషానికి 6000 మి.లీ. పైకి సమానంగానే కనిపిస్తారు.

కానీ పీల్చిన ప్రతిసారీ సుమారు 150 మి.లీ. ముక్కు, శ్వాసనాళం, బ్రాంకైల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ వాయువుల మార్పిడి లేదు. మొదటి మనిషికి ఆల్వియోలైలోకి చేరేది 350 మి.లీ., 12తో గుణిస్తే 4200. రెండో మనిషికి చేరేది 100 మి.లీ. మాత్రమే, 24తో గుణిస్తే 2400. రెట్టింపు వేగంతో ఊపిరి తీస్తున్నా అందే గాలి దాదాపు సగానికి పడిపోయింది. ఆపరేషన్ తర్వాత నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసే పేషెంట్ చేత గట్టిగా, నెమ్మదిగా పీల్పించేది ఇందుకే. మూడో రోజు సాయంత్రం ఈ లెక్కను కొత్త అంకెలతో ఒకసారి చేయండి. ఫార్ములా విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ ఒక్కదానికి రెండు రోజులు ఎక్కువ కదా?

ఎక్కువ కాదు. ఈ యూనిట్‌లో మిగతా పాఠాలు చాలావరకు ఈ గీత దగ్గరికే వచ్చి చేరతాయి. గ్యాస్ ఎక్స్‌ఛేంజ్‌లో చదివిన పీడనాలు దీని అడ్డగీత మీద ఉంటాయి. హైపాక్సియా రకాలు దీన్ని బట్టే అర్థమవుతాయి. రేపు మీరు చూసే SpO2 దీని నిలువుగీత.

ఆరో రోజు పని: అడ్డంగా ఆక్సిజన్ పీడనం, 0 నుంచి 100 మి.మీ. మెర్క్యురీ వరకు. నిలువుగా హీమోగ్లోబిన్ సాచురేషన్, 0 నుంచి 100 శాతం. ఇప్పుడు గీత గీయకండి, ముందు చుక్కలు పెట్టండి. పీడనం 27 దగ్గర 50 శాతం, 40 దగ్గర 75, 60 దగ్గర 90, 100 దగ్గర 97. సున్నా నుంచి మొదలుపెట్టి ఈ చుక్కలను నున్నగా కలిపితే ఎస్ ఆకారం దానంతటదే వస్తుంది. ఒక ఆక్సిజన్ అణువు హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటే తర్వాతి దానికి పట్టుకోవడం తేలికవుతుంది. ఎస్ ఆకారానికి కారణం అదే, ఆ వాక్యం బొమ్మ కింద తప్పకుండా ఉండాలి.

మొన్నీమధ్య ఒక అమ్మాయి దిద్దమని ఇచ్చిన కాగితంలో కర్వ్ చాలా అందంగా ఉంది, రంగు పెన్సిల్‌తో గీసింది. కానీ అడ్డగీత మీద పేరు లేదు, యూనిట్ లేదు, ఒక్క అంకె లేదు. వంపు ఏ పీడనం దగ్గర పడిందో చెప్పడానికే లేదు. కింద "పీడనం పెరిగితే సాచురేషన్ పెరుగుతుంది" అని ఒక లైన్. అలాంటి బొమ్మకు దిద్దేవాళ్ళు మార్కులు వేయలేరు, ఎందుకంటే అందులో ఈ కర్వ్‌కే చెందిన సంగతి ఒక్కటీ లేదు. నాలుగు చుక్కలు పెట్టి రెండోసారి గీయమన్నాను. ఈసారి బొమ్మ మామూలుగా ఉంది గానీ జవాబు అందులోనే కనిపించింది.

ఆ జవాబు ఏమిటంటే: పీడనం 100 నుంచి 60కి, అంటే 40 పడిపోతే సాచురేషన్ తగ్గేది 7 శాతమే. 60 నుంచి 40కి, అంటే 20 మాత్రమే పడితే 15 శాతం పోతుంది. పైభాగం చదునుగా ఉండడం ఊపిరితిత్తుల వైపు రక్షణ. కొంచెం ఎత్తైన ఊరికి వెళ్ళినా, కాస్త ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా రక్తం దాదాపు నిండుతుంది. కింది భాగం నిటారుగా ఉండడం కణజాలం వైపు లాభం. పీడనం కొంచెం తగ్గితే చాలు, హీమోగ్లోబిన్ బోలెడు ఆక్సిజన్ వదిలేస్తుంది. మానిటర్‌లో SpO2 98 నుంచి 95కి వచ్చినప్పుడు లేని కంగారు 90 దాటి కిందకు దిగుతుంటే ఎందుకో ఇప్పుడు చెప్పగలరు. అక్కడి నుంచి గీత నిటారు.

ఏడో రోజు లెక్క చేయండి. ఒక గ్రాము హీమోగ్లోబిన్ 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. 100 మి.లీ. రక్తంలో 15 గ్రాములుంటే సుమారు 20 మి.లీ. ఇప్పుడు హీమోగ్లోబిన్ 7.5 గ్రాములే ఉన్న గర్భిణిని తీసుకోండి. ఆవిడ మోసేది సుమారు 10 మి.లీ. అయినా ఆవిడ SpO2 98 చూపించవచ్చు. ఉన్న హీమోగ్లోబిన్ నిండిందా లేదా అన్నదే ఆ అంకె చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఈ లెక్క చేసినవాళ్ళకు పన్నెండో రోజు అనీమిక్ హైపాక్సియా కొత్తగా చదవాల్సిన పాఠం కాదు.

రైట్ షిఫ్ట్, లెఫ్ట్ షిఫ్ట్ ప్రతిసారీ తారుమారవుతున్నాయి.

పేర్లు పట్టుకుని ఊగకండి. కర్వ్ మీద 40 దగ్గర ఒక నిలువు గీత గీయండి. మామూలు కర్వ్ దాన్ని 75 దగ్గర తాకుతుంది. కుడివైపు జరిపిన కర్వ్ అదే నిలువు గీతను 75 కంటే కింద తాకుతుంది. అంటే అదే పీడనంలో హీమోగ్లోబిన్ తక్కువ పట్టుకుంది, కణజాలానికి ఎక్కువ వదిలింది. ఎక్కువ ఆక్సిజన్ ఎవరికి కావాలి? పరుగెత్తుతున్న కండరానికి. అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆమ్లత్వం ఎక్కువ, వేడి ఎక్కువ. ఈ మూడూ కుడివైపే జరుపుతాయి. ఎర్ర రక్తకణంలో 2,3-డీపీజీ పెరిగినా అంతే. బ్లడ్ బ్యాంకులో నిల్వ ఉన్న రక్తంలో డీపీజీ తగ్గుతుంది కాబట్టి ఆ కర్వ్ ఎడమకు జరుగుతుంది. పిండంలోని హీమోగ్లోబిన్‌ది కూడా ఎడమవైపే, తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవాలి కదా.

కార్బన్ డయాక్సైడ్‌కి ఒక్క రోజు సరిపోతుందా?

ఏడో రోజు సరిగ్గా చేస్తే సరిపోతుంది. ఒక ఎర్ర రక్తకణం పెద్దగా గీసి, దాని లోపల ఈ సమీకరణం రాయండి:

```
CO2 + H2O ⇌ H2CO3 ⇌ H+ + HCO3-
```

మొదటి అడుగును వేగంగా నడిపే ఎంజైమ్ కార్బానిక్ అన్‌హైడ్రేజ్. తయారైన బైకార్బొనేట్ బయటకు వెళ్తుంది, బదులుగా క్లోరైడ్ లోపలికి వస్తుంది. అదే క్లోరైడ్ షిఫ్ట్. సుమారు 70 శాతం బైకార్బొనేట్‌గా, 23 శాతం హీమోగ్లోబిన్‌కి అంటుకుని, 7 శాతం కరిగి ప్రయాణిస్తుంది. బోర్, హాల్డేన్ ఎఫెక్టుల తేడా కూడా ఈ రోజే తేల్చుకోండి. కణజాలం దగ్గర కార్బన్ డయాక్సైడ్ వచ్చి ఆక్సిజన్‌ను దించితే బోర్. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ వచ్చి కార్బన్ డయాక్సైడ్‌ను దించితే హాల్డేన్.

శ్వాస నియంత్రణలో సెంటర్ల పేర్లు రాస్తే చాలా?

చాలదు, కానీ అక్కడే మొదలుపెట్టాలి. పదో రోజు మెడుల్లాలోని డోర్సల్, వెంట్రల్ గ్రూపులు, పాన్స్‌లోని న్యూమోటాక్సిక్, అప్న్యూస్టిక్ సెంటర్లు ఒక బ్రెయిన్‌స్టెమ్ బొమ్మ మీద పెట్టి, ఒక్కోదాని పక్కన ఒక్క పని రాయండి. పదకొండో రోజంతా రసాయన నియంత్రణకే.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. మామూలు మనిషిని నిమిషం నిమిషం ఊపిరి పీల్పించేది ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది రక్తం నుంచి మెదడులోకి తేలిగ్గా దాటి, అక్కడ హైడ్రోజన్ అయాన్‌గా మారి, మెడుల్లాలోని సెంట్రల్ కీమోరిసెప్టార్లను లేపుతుంది. ఆక్సిజన్ తగ్గితే స్పందించేవి కరోటిడ్, అయోర్టిక్ బాడీలు. అవి గట్టిగా పనిచేసేది ధమని రక్తంలో పీడనం 60 కిందకు పడినప్పుడు. ఈ 60 ఎక్కడ చూశారు? కర్వ్ నిటారుగా దిగడం మొదలయ్యే చోట. పదకొండో రోజు జవాబులో ఆరో రోజు బొమ్మను చిన్నగా మళ్ళీ గీస్తే ఎస్సే బలంగా ఉంటుంది.

హైపాక్సియా ఉంటే సయనోసిస్ తప్పకుండా ఉంటుందా?

ఉండదు. కేశనాళికల్లో 100 మి.లీ. రక్తానికి సుమారు 5 గ్రాముల హీమోగ్లోబిన్ ఆక్సిజన్ లేకుండా ఉంటేనే చర్మం నీలంగా కనిపిస్తుంది. మొత్తం హీమోగ్లోబిన్ 6 గ్రాములే ఉన్న మనిషిలో అంత ఖాళీ అవడం దాదాపు జరగదు. అందుకే తీవ్రమైన రక్తహీనతలో కణజాలం అల్లాడుతున్నా పెదాలు పాలిపోతాయి గానీ నీలం కావు. సయనైడ్ విషంలోనూ ఇదే పరిస్థితి, కారణం వేరు. రక్తంలో ఆక్సిజన్ ఉంది, కణాలే వాడుకోలేకపోతున్నాయి. కాబట్టి హైపాక్సియా నాలుగు రకాలనూ పట్టికగా రాసేటప్పుడు మూడు గడులు పెట్టండి: ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం ఎంత, హీమోగ్లోబిన్ ఎంత, సయనోసిస్ కనిపిస్తుందా. ఈ మూడో గడి చాలామంది వదిలేస్తారు.

పోస్టింగ్ నుంచి వచ్చేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. ఆ రోజు ఏం చేయాలి?

పోస్టింగ్‌నే ఆ రోజు చదువులో కలిపేయండి. ఒక పేషెంట్ ఊపిరిని నిమిషం నిండా లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నామని చెబితే ఆయన ఊపిరి తీరే మారిపోతుంది, కాబట్టి నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకునే లెక్కపెట్టండి. పక్కనే SpO2 చూడండి. రాత్రి కర్వ్ మీద ఆ చుక్క ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టి నాలుగు లైన్లు రాయండి. చేతులు చల్లబడినా, గోళ్ళకు రంగున్నా ఆ రీడింగ్‌ను నమ్మలేం. అది కూడా రాయండి. ఈ పనికి ఇరవై నిమిషాలు చాలు. కొత్త భాగం తొమ్మిదో రోజుకు వెళ్తుంది.

మధ్యలో ఇంటికి వెళ్ళి రావచ్చా?

ఐదో రోజు నుంచి ఎనిమిదో రోజు వరకు మాత్రం వద్దు. మెజెస్టిక్‌లో రాత్రి బస్సెక్కి తెల్లారి దిగేసరికి ఒక రోజు, తిరుగు ప్రయాణానికి ఇంకో రోజు పోతాయి. ఆ నాలుగు రోజుల్లో తెగిన పాఠాన్ని మళ్ళీ అందుకోవడం కష్టం. తప్పనిసరైతే నాలుగో రోజునో తొమ్మిదో రోజునో వెళ్ళండి, అవి కొత్త పాఠం పెట్టని రోజులే కాబట్టి కాగితాలు వెంట తీసుకెళ్ళొచ్చు.

పదమూడో రోజు పరీక్ష ఎలా పెట్టుకోవాలి? ఎవరు దిద్దుతారు?

మూడు గంటలకు 75 మార్కులంటే ఒక మార్కుకు రెండున్నర నిమిషాల లోపే. చదువుకోవడానికి, చివర్లో సరిచూసుకోవడానికి కాస్త పోగా పది మార్కుల ఎస్సేకి 20 నిమిషాలు, ఐదు మార్కుల దానికి 10 నిమిషాలు పెట్టుకోండి. మొదటి రోజు కాగితం నుంచి ఒక ఎస్సే, మూడు ఐదు మార్కులవి, నాలుగు రెండు మార్కులవి తీసి ఏకబిగిన రాయండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి.

దిద్దేటప్పుడు రూమ్‌మేట్‌తో కాగితాలు మార్చుకోండి. ఎంత బాగా రాశారని కాదు, మూడు విషయాలు మాత్రం చూడమనండి. బొమ్మకు పేర్లు, యూనిట్లు ఉన్నాయా? ప్రతి అంకె పక్కన అదేమిటో రాసి ఉందా? "ఎందుకు" అన్నదానికి ఒక్క వాక్యమైనా ఉందా? లేని చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. గదిలో మాట్లాడుకునేటప్పుడు తెలుగులోనే వాదించుకోండి, పాఠం తేలిగ్గా ఎక్కుతుంది. రాసేది మాత్రం మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్‌లోనే రాయాలి.

ఆఖరి రోజు మొత్తం ఒకసారి తిరగేయాలా?

వద్దు. పదమూడో రోజు కాగితంలో ఎర్ర సున్నాలు పడినవి మాత్రమే చదవండి. తర్వాత చూడకుండా నాలుగు బొమ్మలు గీయండి: స్పైరోగ్రామ్, ఆక్సిజన్ కర్వ్, క్లోరైడ్ షిఫ్ట్ చూపే ఎర్ర రక్తకణం, బ్రెయిన్‌స్టెమ్ సెంటర్లు. ఏది ఆగిపోతే దాన్ని పుస్తకంలో ఒకసారి చూసి, పుస్తకం మూసి మళ్ళీ గీయండి. రాత్రి భోజనం అయ్యాక స్కేలు, పెన్సిల్, హాల్ టికెట్ సంచిలో పెట్టి పడుకోండి.